అపార్ట్‌మెంట్‌లో నీళ్లు ఆగుతున్నాయని చెప్పే మెసేజ్: సెక్రటరీ దాన్ని ఎలా తయారు చేయాలి, ఎప్పుడు పంపాలి

నేను తిరుపతిలో ఒక మధ్యతరగతి అపార్ట్‌మెంట్‌కు కొన్నేళ్లుగా సెక్రటరీగా ఉన్నాను. మొదటి ఏడాది వేసవిలో, మునిసిపల్ నీళ్లు రెండు రోజులు రావని తెలిసిన సాయంత్రం, వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజ్ పెట్టాను: "రేపటి నుంచి రెండు రోజులు నీళ్లు రావు. అందరూ ముందు జాగ్రత్తగా నీళ్లు పట్టి పెట్టుకోండి. దయచేసి సహకరించండి."

ఆ మెసేజ్ పెట్టినప్పుడు పైట్యాంకు నిండుగా ఉంది. గంటన్నర తర్వాత వాచ్‌మన్ వచ్చి పైన నీళ్లు అడుగుకు పోయాయని చెప్పాడు. బకెట్లు, బిందెలు, డ్రమ్ములు, పిల్లల స్నానాల టబ్బులు దాకా అందరూ నింపుకున్నారు. చాలామంది వాషింగ్ మెషీన్ కూడా వేసేశారు, రేపు వేయలేమేమోనని. ఆ వేళకు ఆఫీసు నుంచి తిరిగి రాని ఇళ్లకు, గ్రూపులో లేని అద్దె ఇళ్లకు, ఐదో అంతస్తు వాళ్లకు చుక్క మిగల్లేదు. ఇంకా ఆగిపోని నీళ్లను నా మెసేజే ఆపేసింది.

ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నది ఒకటే. నీళ్లు ఆగే సంగతి చెప్పే మెసేజ్ సమాచారంతో ఆగదు, అది వాడకాన్ని కదిలిస్తుంది. చదివిన ప్రతి ఇల్లూ ఐదు నిమిషాల్లో ఏదో ఒక పని చేస్తుంది. ఆ పని ఏమిటో మెసేజ్ చెప్పాలి. చెప్పకపోతే భయం చెబుతుంది. అందుకే ఈ మెసేజ్‌లో రాతపని కన్నా ముందు చేసే లెక్కపని ఎక్కువ. మా దగ్గర నడిచిన ఒక ఉదాహరణతోనే అడుగు అడుగునా చెబుతాను.

ముందు మూడు ప్రశ్నలు

తిరుపతికి నీళ్లు ప్రధానంగా కల్యాణి డ్యాం నుంచి, కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నుంచి అందుతాయి. ఊళ్లో చాలా వీధులకు వంతులవారీగా వదులుతారు. కాబట్టి "నీళ్లు రావు" అన్న కబురు వినగానే గ్రూపు తెరవకండి. ముందు వాల్వు తిప్పే మనిషినో, ఆ పని చూస్తున్న ఇంజనీరునో అడిగి మూడు విషయాలు తెలుసుకోండి.

మొదటిది, మన వీధికి ఏ వంతు తప్పుతుంది? పైపు పని రెండు రోజులే అయినా, రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే వీధికి నిజంగా పడే ఎడం నాలుగు రోజులు కావచ్చు. రెండోది, ఆగింది ఎక్కడ? పెద్ద పైపు పనైతే వాళ్లు చెప్పిన గడువుకు ఇంకో రోజు కలుపుకోవాలి. వీధి పైపు లీకైతే సాయంత్రానికి అయిపోవచ్చు. మూడోది, పని అయ్యాక మన వీధికి నీళ్లు వెంటనే అందుతాయా? పని పూర్తయిన తర్వాత ముందు పెద్ద ట్యాంకులు నిండాలి, తర్వాత పైపులు నిండాలి. లైను చివర ఉన్న వీధికి మొదటి వంతులో నీళ్లు సన్నగానే వస్తాయి. "పని ఎప్పుడు పూర్తవుతుంది" అన్నది వాళ్ల ప్రశ్న. "మా సంపులోకి నీళ్లు ఎప్పుడు పడతాయి" అన్నది మన ప్రశ్న. మెసేజ్‌లో రాయాల్సింది రెండోదాని జవాబు.

మా ఉదాహరణలో పరిస్థితి ఇది. మే నెల. మామూలుగా మంగళవారం, గురువారం తెల్లవారుజామున నీళ్లు రావాలి. పెద్ద పైపు మరమ్మతు మంగళ, బుధవారాల్లో జరుగుతుందని సోమవారం మధ్యాహ్నం తెలిసింది. బుధవారం రాత్రికి పూర్తవుతుందన్నారు. అంటే మంగళవారం వంతు పోయినట్టే. గురువారం వంతు వస్తే సంతోషం, కానీ దాని మీద లెక్క వేయకూడదు. అందుకని సోమవారం సాయంత్రం 6 నుంచి శుక్రవారం ఉదయం 6 వరకు, మూడున్నర రోజులు మన నీళ్లతోనే గడపాలి అనుకున్నాం.

చేతిలో ఎన్ని నీళ్లు ఉన్నాయి

చాలామంది సెక్రటరీలు ఇక్కడే అందాజుగా వదిలేస్తారు. పావుగంట పని ఇది.

సంపు పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో గుణించి, వెయ్యితో గుణిస్తే లీటర్లు వస్తాయి. మా సంపు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు, అంటే నిండితే 40,000 లీటర్లు. కానీ మోటారు నీళ్లు పీల్చుకునే ఫుట్‌వాల్వు అడుగు నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. దాని కింద నీళ్లు పైకి రావు. ఆ 6,000 లీటర్లు లెక్కలోంచి తీసేయాలి. ఆ మట్టానికి తోడితే మోటారు గాలి పీలుస్తుంది, అడుగు మడ్డి పైకి వస్తుంది.

మట్టం చూడటానికి పొడవాటి కర్ర మీద పది సెంటీమీటర్లకు ఒక గీత పెట్టి, మూత దగ్గర నిలబడి దింపండి. వాచ్‌మన్‌ను సంపులోకి దించవద్దు. మూసి ఉన్న సంపులో గాలి చాలక మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఉన్నాయి. ఎంత తొందర ఉన్నా ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి.

సోమవారం సాయంత్రం కర్ర 1.8 మీటర్లు చూపించింది. 36,000 లీటర్లలో వాడుకోగలిగినవి 30,000. పైట్యాంకుల్లో 8,000 ఉన్నాయి. మొత్తం 38,000. అగ్నిమాపకానికి విడిగా ట్యాంకు ఉన్న బిల్డింగుల్లో దాన్ని ఈ లెక్కలో కలపకూడదు.

తర్వాత బోరు. మే నెలలో బోరు ఎంత ఇస్తుందో జనవరి జ్ఞాపకంతో చెప్పలేం. మోటారు వేసి ఐదు నిమిషాలు ఆగి, 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. మాకు 36 సెకన్లు పట్టింది. అంటే గంటకు 2,000 లీటర్లు. వేసవిలో ఏకబిగిన నడిపితే నీళ్లు తెగిపోతాయి, మోటారు కాలిపోతుంది. అందుకని గంట చొప్పున, మధ్యలో విరామం ఇచ్చి, రోజుకు మూడుసార్లు నడిపితే 6,000. మంగళ, బుధ, గురువారాలకు కలిపి 18,000. ఇప్పుడు మొత్తం 56,000 లీటర్లు.

ఎన్ని కావాలి

మా దగ్గర 44 ఇళ్లలో మనుషులు ఉన్నారు, సుమారు 160 మంది. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో పట్టణాలకు వాడే ప్రమాణం. దాని ప్రకారం 21,600 వస్తుంది. సంపు మట్టం ఒక ఉదయం చూసి, మర్నాడు అదే సమయానికి మళ్లీ చూసి కొలుచుకున్నప్పుడు మాకు దాదాపు 22,000 వచ్చింది. మూడున్నర రోజులకు 77,000. ఉన్నవి 56,000. తగ్గుబాటు 21,000.

ఇక్కడ రెండు దార్లు. మొత్తం ట్యాంకర్లతో పూడ్చవచ్చు, లేదా వాడకం తగ్గించవచ్చు. రోజుకు 16,000తో సర్దుకుంటే మూడున్నర రోజులకు సరిగ్గా 56,000. మనిషికి వంద లీటర్లు. స్నానం, వంట, గిన్నెలు, మరుగుదొడ్డికి ఇబ్బంది లేదు. వాషింగ్ మెషీన్, కారు కడగడం, బాల్కనీ కడగడం మానితే చాలు. అయితే లెక్క అంచుకు సరిపోయింది కాబట్టి, 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు ముందే చెప్పి పెట్టుకున్నాం. తెప్పించలేదు, చెప్పి ఉంచాం. ఊరంతా నీళ్లు ఆగిన రెండో రోజు ట్యాంకర్ అడిగితే దొరకదు.

16,000 లీటర్లను 44 ఇళ్లకు పంచితే ఇంటికి 360 చిల్లర. 20 లీటర్ల బకెట్లలో 18. ఈ "18 బకెట్లు" అన్న మాటే మెసేజ్‌లోకి వెళ్లాలి. "16,000 లీటర్లు" చదివినవాళ్లకు ఏమీ కనబడదు. "పొదుపుగా వాడండి" అంటే ఇంకా ఏమీ కనబడదు, ఎందుకంటే ప్రతి ఇంట్లో వాళ్లు పొదుపుగానే వాడుతున్నాం అనుకుంటారు. బకెట్ల లెక్క చెబితే ఇంటి ఇల్లాలు అక్కడికక్కడే మనసులో పంచుకుంటుంది: స్నానాలకు ఇన్ని, గిన్నెలకు ఇన్ని అని.

మెసేజ్ కంటే ముందు వాల్వు

సంపులో ఉన్న నీళ్లు మన చేతిలో ఉంటాయి. పైట్యాంకులోకి వెళ్లిన నీళ్లు కుళాయిల చేతిలో ఉంటాయి. అందుకే మెసేజ్ పంపే సాయంత్రం పైట్యాంకును నింపకండి. నీళ్లను సంపులోనే ఉంచండి. ఏ పూటకు ఎంత కావాలో అంతే, ఆ పూటకు అరగంట ముందు పైకి ఎక్కించండి. మా పద్ధతిలో ఉదయానికి 9,000, సాయంత్రానికి 7,000. సమయం అయిపోగానే పైట్యాంకు నుంచి కిందికి వచ్చే పైపు వాల్వు మూయాలి.

ఆ వాల్వు పని చేస్తుందో లేదో ముందే తిప్పి చూడండి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వు బిగుసుకుపోయి ఉంటుంది, బలంగా తిప్పితే విరుగుతుంది. మెసేజ్‌లో సమయాలు ప్రకటించి, వాల్వు మూయలేకపోతే ఆ మాటకు విలువ పోతుంది.

ఇంకో పని, ఎవరికి చేరాలో చూసుకోవడం. మా వాట్సాప్ గ్రూపులో ఫ్లాట్ల ఓనర్లు ఉన్నారు. వాళ్లలో కొందరు బెంగళూరులో, కొందరు చెన్నైలో ఉంటారు. ఇక్కడ బకెట్ పట్టుకునేది అద్దెకున్న కుటుంబం. గ్రూపులో ఎంతమంది చదివారన్న లెక్క ఇక్కడ దేనికీ పనికిరాదు. అందుకని మెసేజ్ మూడు దార్లలో వెళ్లాలి: గ్రూపులో ఒకటి, లిఫ్ట్ పక్కన పెద్ద అక్షరాలతో కాగితం ఒకటి, వాచ్‌మన్ ఇంటింటికీ వెళ్లి చెప్పేది ఒకటి. తమిళం మాట్లాడే పెద్దవాళ్లు ఉన్న ఇళ్లకు మా పక్కింటి అక్క వెళ్లి చెబుతారు. పనిమనుషులకు గేటు దగ్గరే సమయాలు చెప్పాలి. పొద్దున ఏడింటికి వచ్చేవాళ్లకు ఇబ్బంది లేదు గానీ పదింటికి వచ్చే ఆమె గిన్నెలు ఏ నీళ్లతో తోముతుంది? ఆ ఇంటివాళ్లు ముందే రెండు బకెట్లు పక్కన పెట్టాలి.

ఎప్పుడు పంపాలి

మేము సోమవారం రాత్రి ఎనిమిదింటికి పంపాం. అప్పటికి చాలామంది ఇళ్లకు చేరి ఉంటారు. సాయంత్రపు వాడకం అయిపోయి ఉంటుంది. పైట్యాంకులో కొద్దిగానే ఉంటాయి. రాత్రి పదిన్నరకు పంపితే నిద్రపోయినవాళ్లు పొద్దున పళ్లు తోముకునేటప్పుడు చూసి కంగారు పడతారు. మధ్యాహ్నం పంపితే ఇంట్లో ఉన్నవాళ్లే అన్నీ నింపుకుంటారు. మూడు నాలుగు రోజుల ముందే తెలిస్తే మాత్రం వెంటనే చెప్పండి, బట్టలు ఉతుక్కోవడం లాంటివి నీళ్లు వచ్చే రోజునే ముగించుకోమనండి.

మెసేజ్ ఇది

మేము పంపినది ఇలా ఉంది. మీ సంఖ్యలు పెట్టుకుని వాడుకోవచ్చు.

> 12 మంగళవారం నుంచి 15 శుక్రవారం ఉదయం వరకు కుళాయి నీళ్ల సమయాలు
>
> అందరికీ నమస్కారం.
>
> పెద్ద పైపు మరమ్మతు వల్ల 12వ తేదీ మంగళవారం మనకు మునిసిపల్ నీళ్లు రావు. పని బుధవారం రాత్రికి పూర్తవుతుందని చెప్పారు. మన సంపులో ఉన్న నీళ్లు, బోరు నీళ్లు కలిపి శుక్రవారం ఉదయం దాకా సరిపోయేలా ఏర్పాటు చేశాం.
>
> కుళాయిల్లో నీళ్లు వచ్చే సమయాలు:
> ఉదయం 6 నుంచి 8 వరకు
> సాయంత్రం 6 నుంచి 7.30 వరకు
>
> మిగతా సమయంలో వాల్వు మూసి ఉంటుంది. ప్రతి రోజూ రెండు పూటలా వస్తాయి కాబట్టి డ్రమ్ములు నింపుకోనక్కర్లేదు. ఒక్కో ఇంటికి రోజుకు 18 బకెట్ల లెక్కన ఉన్నాయి.
>
> ఈ రాత్రి 9 లోపు తాగడానికి, వంటకు రెండు బిందెలు పట్టుకోండి. మంగళవారం నుంచి బోరు నీళ్లు ఎక్కువగా కలుస్తాయి. వాటిని తాగవద్దు, క్యాన్ నీళ్లు వాడుకోండి.
>
> శుక్రవారం దాకా వాషింగ్ మెషీన్, కారు, బాల్కనీ కడగడం ఆపుదాం.
> నీళ్లు లేని సమయంలో గీజర్ వేయకండి.
> బయటికి వెళ్లేటప్పుడు కుళాయిలన్నీ కట్టి ఉన్నాయో చూసుకోండి.
>
> ఇంట్లో పసిపిల్లలు, మంచాన ఉన్న పెద్దవాళ్లు, ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఉంటే ఈ రాత్రే వాచ్‌మన్‌కు గానీ నాకు గానీ చెప్పండి. అదనంగా బకెట్లు పంపిస్తాం.
>
> ట్యాంకర్ అవసరమైతే ఖర్చు మెయింటెనెన్స్ డబ్బుల్లోంచే. విడిగా వసూలు ఉండదు.
>
> తర్వాతి మెసేజ్ మంగళవారం రాత్రి 8కి. మార్పు ఏమీ లేకపోయినా పెడతాను.
>
> సెక్రటరీ

ఇందులో ప్రతి వాక్యం ఒక ఫోన్ కాల్‌ను ఆపడానికి పెట్టినదే. కొన్నింటి వెనక కారణం చెప్పాలి.

మొదటి వరుసలో "నీటి సరఫరాలో అంతరాయం" అని లేదు, "నీళ్ల సమయాలు" అని ఉంది. ఫోన్ తెర మీద ముందు కనిపించేది ఆ వరుసే. అంతరాయం అన్న మాట చూడగానే మనిషి బకెట్ వైపు పరిగెడతాడు. సమయాలు అన్న మాట చూస్తే అవేమిటో చదువుతాడు. విషయం దాచినట్టు కాదు, రెండో వాక్యంలోనే నీళ్లు రావని సూటిగా చెప్పాం.

"రేపు", "ఎల్లుండి" అని రాయలేదు, తేదీ, వారం రెండూ రాశాం. మెసేజ్‌ను మంగళవారం చదివినవాళ్లకు "రేపు" అంటే బుధవారం.

"రెండు బిందెలు పట్టుకోండి" అన్నది చాలా ఆలోచించి పెట్టిన మాట. ఎవరినీ పట్టుకోవద్దంటే వినరు, వినాల్సిన అవసరమూ లేదు, ఇంట్లో తాగే నీళ్లు ఉండాలి కదా. రెండు బిందెలు అంటే ఇంటికి దాదాపు 30 లీటర్లు, 44 ఇళ్లకు 1,320 లీటర్లు. అది పైట్యాంకు భరించగలదు. "పట్టి పెట్టుకోండి" అని హద్దు లేకుండా వదిలితే ఇంటికి 300 లీటర్లు పట్టుకున్నా 13,000 దాటుతుంది. నా మొదటి ఏడాది మెసేజ్‌కు జరిగింది అదే.

గీజర్ గురించి చాలామందికి తెలియదు. పైపుల్లో నీళ్లు లేనప్పుడు కొన్ని గీజర్లలో నీళ్లు వెనక్కి జారిపోతాయి. అప్పుడు స్విచ్ వేస్తే లోపలి కాయిల్ ఒట్టి గాలిలో కాలి పాడవుతుంది. ఇక కుళాయి సంగతి: నీళ్లు లేనప్పుడు తిప్పి చూసి, రాలేదని అలాగే వదిలి ఆఫీసుకు వెళ్లిపోతారు. సాయంత్రం వాల్వు తెరవగానే తాళం వేసిన ఇంట్లో నీళ్లు పారి కింది ఇంటి సీలింగు తడుస్తుంది. మాకు ఇలా రెండుసార్లు అయింది. అందుకే ఇప్పుడు వాల్వు తెరిచే ముందు తాళం వేసి ఉన్న ఇళ్లవాళ్లకు వాచ్‌మన్ ఫోన్ చేస్తాడు.

చుట్టాల మాట తిరుపతిలో తప్పకుండా ఉండాలి. దర్శనానికి వచ్చినవాళ్లు ఏ ఇంట్లోనైనా ఆరుగురు దిగవచ్చు. నలుగురి ఇంటికి ఇచ్చిన 18 బకెట్లు పదిమందికి చాలవు. మే నెలలో, మొక్కుగా వేషాలు వేసుకునే గంగమ్మ జాతర రోజులైతే ఇంకా జాగ్రత్త. బైరాగి వేషానికి నామం కొమ్ము, తోటి వేషానికి బొగ్గు పూసుకున్న పిల్లాడికి ఒక బకెట్‌తో వదలదు. ఆ ఇళ్లను మొక్కు మానుకోమనలేం, అనకూడదు. ముందే అడిగి వాళ్లకు నాలుగు బకెట్లు ఎక్కువ పెట్టుకోవాలి.

రాయకుండా వదిలేసినవీ ఉన్నాయి. "ఎవరూ భయపడవద్దు" అని లేదు. భయం గురించి ఆలోచించని వాళ్లకు కూడా ఆ మాట అనుమానం పుట్టిస్తుంది. "త్వరలోనే పునరుద్ధరించబడును" లాంటి నోటీసు భాష లేదు. ఆశ్చర్యార్థకాలు, ఎర్ర గుర్తులు లేవు. తప్పు ఎవరిదన్న చర్చ అసలు లేదు. అది మొదలైతే గ్రూపులో వంద మెసేజ్‌లు పడి, సమయాలు చెప్పిన మెసేజ్ పైకి వెళ్లిపోతుంది. అందుకని సమయాల మెసేజ్‌ను గ్రూపులో పిన్ చేసి పెట్టండి.

మాట మారాల్సి వచ్చినప్పుడు

మంగళవారం రాత్రి 8కి "మార్పు లేదు, సమయాలు అవే" అని ఒక వాక్యం పెట్టాం. ఆ ఒక్క వాక్యం కోసమే చాలామంది ఎదురుచూస్తారు. చెప్పిన వేళకు అది రాకపోతే తర్వాత చెప్పే ఏ సమయాన్నీ నమ్మరు.

బుధవారం సాయంత్రం అనుకున్నట్టు జరగలేదు. పైపు పని గురువారం రాత్రి దాకా పడుతుందని తెలిసింది. శుక్రవారం వచ్చే నీళ్లు సన్నగా ఉంటాయనుకుని, శనివారం ఉదయం దాకా లెక్క వేసుకున్నాం. మళ్లీ కర్ర దింపాం. అప్పటికి వచ్చిన బోరు నీళ్లు కలిపితే 50,000, అందులో రెండు రోజుల్లో 33,000 ఖర్చయింది. మిగిలినవి 17,000. అనుకున్న 32,000 కన్నా వెయ్యి మాత్రమే ఎక్కువ వాడారు. ఇంకా రెండున్నర రోజులకు 40,000 కావాలి. గురు, శుక్రవారాల బోరు 12,000 కలిపితే 29,000. తక్కువ పడేది 11,000. చెప్పి ఉంచిన రెండు ట్యాంకర్లకు మూడోది కలిపితే 15,000 వస్తాయి, నాలుగు వేలు మిగులుతాయి. ఇదంతా తేలిన తర్వాతే మెసేజ్ రాశాను:

> పైపు పని గురువారం రాత్రికి పూర్తవుతుందని ఈ సాయంత్రం 5కి చెప్పారు. సోమవారం నేను చెప్పిన బుధవారం గడువు మారింది.
>
> మన సమయాలు మారవు. ఉదయం 6–8, సాయంత్రం 6–7.30. ఇంటికి 18 బకెట్ల లెక్క కూడా అదే. శనివారం ఉదయం దాకా ఇలాగే ఇవ్వడానికి మూడు ట్యాంకర్లు మాట్లాడాం. మొదటిది గురువారం మధ్యాహ్నం వస్తుంది.
>
> ట్యాంకర్ నీళ్లు వాడకానికి మాత్రమే, తాగడానికి కాదు.
>
> తర్వాతి మెసేజ్ గురువారం రాత్రి 8కి.

ఏది మారిందో ముందు, ఏది మారలేదో వెంటనే. జనానికి గడువు మారడం కన్నా రేపు పొద్దున ఆరింటికి కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయా అన్నది ముఖ్యం. "అనివార్య కారణాల వల్ల" అని రాయకండి. నేను చెప్పిన గడువు మారింది అని మన నోటితో చెబితే ఎవరూ గొడవ పెట్టుకోరు. ఎప్పుడు తెలిసిందో కూడా రాయండి, ముందే తెలిసి దాచారన్న మాట రాదు.

ట్యాంకర్ వచ్చినప్పుడు నీళ్లు సంపులోకి వదిలే ముందు ఒక గాజు గ్లాసులో పట్టి చూడండి. మురికిగా ఉన్నా, వాసన ఉన్నా ఆ ట్యాంకర్‌ను తిప్పి పంపండి. ఐదు వేల లీటర్ల చెడ్డ నీళ్లు సంపులో ఉన్నవాటినీ చెడగొడతాయి.

ఈ పద్ధతి పనికిరాని సందర్భం

నీళ్లు తక్కువైతే ఈ మెసేజ్. నీళ్లు చెడిపోతే ఇది కాదు. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో పల్లపు వీధులు మునిగినప్పుడు సంపుల్లోకి బయటి నీళ్లు చేరే ప్రమాదం వచ్చింది. అలాంటప్పుడు సమయాలు, బకెట్లు అన్నీ పక్కన పెట్టి మొదటి వాక్యమే "కుళాయి నీళ్లు తాగవద్దు, వంటకు వాడవద్దు, పళ్లు తోముకోవద్దు" అని ఉండాలి. వేళ కోసం చూడకూడదు. అర్ధరాత్రి అయినా వాచ్‌మన్ తలుపులు తట్టాలి. సంపు తోడించి, కడిగించి, క్లోరిన్ వేయించి, నీళ్ల పరీక్ష చేయించిన తర్వాతే వాడుకోమనాలి.

నీళ్లు వచ్చాక

మాకు శుక్రవారం తెల్లవారుజామునే నీళ్లు వచ్చాయి, అనుకున్న దానికన్నా ముందే. ఖాళీగా ఉన్న పెద్ద పైపులో మొదట వచ్చే నీళ్లలో మట్టి, తుప్పు ఉంటాయి. వాచ్‌మన్ ఇరవై నిమిషాలు నీళ్లను బయటికి వదిలి, గ్లాసులో తేటగా కనిపించాక సంపు వాల్వు తిప్పాడు. చివరి మెసేజ్ ఉదయం ఏడింటికి పెట్టాను:

> ఈ తెల్లవారుజామున మునిసిపల్ నీళ్లు వచ్చాయి. ఈ సాయంత్రం 6 నుంచి కుళాయిల్లో రోజంతా నీళ్లు ఉంటాయి.
>
> మొదట కుళాయిలో గాలి, ఎర్రటి నీళ్లు రావచ్చు. బాత్రూమ్ కుళాయి నెమ్మదిగా తిప్పి రెండు నిమిషాలు వదలండి. తేట నీళ్లు వచ్చాకే ఫిల్టర్, గీజర్, వాషింగ్ మెషీన్ వేయండి.
>
> బట్టలు ఉతకడానికి మొదటి మూడు అంతస్తులు ఈ రోజు, పై రెండు అంతస్తులు రేపు పెట్టుకుంటే అందరికీ నీళ్లు అందుతాయి.
>
> రేపు ఉదయం కూడా మీ ఇంట్లో నీళ్లు సన్నగా వస్తుంటే చెప్పండి, పైపులో గాలి పట్టి ఉంటుంది. ప్లంబర్‌ను పంపిస్తాం.

బట్టల వరుస చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ నాలుగు రోజులుగా ఆగిన 44 వాషింగ్ మెషీన్లు ఒకే ఉదయం తిరిగితే, వచ్చిన నీళ్లు ఆ సాయంత్రానికే అయిపోతాయి. మూడో ట్యాంకర్‌ను ఆ పొద్దున్నే వద్దని చెప్పాం.

ఆ రోజు మధ్యాహ్నం నేను చేసిన చివరి పని లిఫ్ట్ పక్కన అంటించిన కాగితం తీసేయడం. అంతకుముందు ఏడాది తీయడం మర్చిపోతే, కొత్తగా అద్దెకు దిగిన ఒక పెద్దాయన పది రోజుల పాటు సాయంత్రం ఆరింటికే స్నానం చేశారు.